ఆ మెయిల్లో ఆఫర్ ఎక్కడుందిరా?

ఉద్యోగం మారే హడావుడిలో ఉన్నవాళ్ళు ఏదో ఒక మెయిలు ఫార్వర్డ్ చేసి "ఇది ఫేకా, జెన్యూనా?" అని అడగడం మన ఫీల్డులో మామూలే. నా ఉద్దేశంలో అది సగం ప్రశ్న మాత్రమే. ముందు ఆ మెయిలు ఎవరు పంపారో తేలాలి. తర్వాత, పంపినవాడు అందులో మనకి ఏం ఒప్పుకున్నాడో తేలాలి. మొదటిదానికి జవాబు "జెన్యూన్" అని వచ్చినా, రెండోదానికి "ఏమీ ఒప్పుకోలేదు" అని రావచ్చు. ఉద్యోగాలు పోయేది ఎక్కువగా అక్కడే.

రిజిస్ట్రేషన్ ఫీజనీ, లాప్‌టాప్ డిపాజిట్టనీ డబ్బులు అడిగేవాళ్ళ గురించి నేనిక్కడ రాయడం లేదు. ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడిగాడంటే అక్కడితో కథ అయిపోయింది, హెడ్డర్లు చూడక్కర్లేదు. అసలు చిక్కు ఎక్కడంటే, కన్సల్టెన్సీ నిజమైనదే, కంపెనీ నిజమైనదే, ఇంటర్వ్యూలూ నిజంగానే జరిగాయి, ఎవడూ రూపాయి అడగలేదు. అలాంటి మెయిలు ఒకటి మా ఇంట్లోనే వచ్చింది.

2024 మే 13న మనకి పోలింగ్. మా పిన్ని కొడుకు హైదరాబాదు నుంచి ఓటెయ్యడానికి విజయవాడ వచ్చి, ఆ వారమంతా ఇంటి నుంచే పనిచేస్తున్నాడు. బుధవారం, అంటే 15వ తారీకు సాయంత్రం ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఆఫర్ వచ్చింది. శుక్రవారం లోపల రిజైన్ చెయ్యమంటున్నారు. రేపు పొద్దున్నే పేపర్లు పెట్టేస్తున్నా" అన్నాడు. "ఆఫర్ లెటర్ పంపరా, చూద్దాం" అన్నాను. లెటర్ లేదట, మెయిల్ చెయిన్ ఉందట. అదే పంపాడు.

చెయిన్లో పైన కన్సల్టెన్సీ రిక్రూటర్ మావాడికి రాసిన మెయిలు ఉంది. దాని కింద కంపెనీ హెచ్‌ఆర్ ఆ రిక్రూటర్‌కి రాసినట్టుగా ఇంకో మెయిలు. మావాడి ధైర్యమంతా ఆ కింద ఉన్నదాని మీదే. "కంపెనీ హెచ్‌ఆరే రాసింది కదా అన్నయ్యా, అఫీషియల్ ఐడీ కూడా కనపడుతోంది" అన్నాడు.

వాడు నాకు చేసిన ఫార్వర్డులో అసలు హెడ్డర్లు రావు కాబట్టి, వాణ్ణే జీమెయిల్లో Show original నొక్కి అక్కడున్నది కాపీ చేసి పంపమన్నాను. వాడు పంపినదాంట్లో ముఖ్యమైన ముక్క ఇది (పేర్లు మార్చాను):

```
dkim=pass header.i=@consultancy.example
spf=pass  smtp.mailfrom=team@consultancy.example
dmarc=pass header.from=consultancy.example
```

మూడూ పాస్. మావాడు గెలిచినంత పని చేశాడు. కానీ ఏ పేరుకి పాస్ అయ్యాయో చూడండి. అన్నిచోట్లా కన్సల్టెన్సీ డొమైనే ఉంది. డీకిమ్ అంటే పంపిన డొమైను ఆ మెయిలు మీద వేసే సంతకం అన్నమాట. దాని తాళంచెవి డీఎన్‌ఎస్‌లో అందరికీ కనపడేట్టు ఉంటుంది, మన మెయిల్ సర్వర్ దాంతో సరిచూస్తుంది. సంతకం సరిపోయిందంటే "ఈ మెయిలు ఫలానా డొమైను నుంచే వచ్చింది, దారిలో ఎవరూ మార్చలేదు" అని మాత్రమే అర్థం. అందులో రాసింది నిజమో కాదో ఆ సంతకం చెప్పదు. ఒకవేళ ఎవడైనా కంపెనీ పేరుకి ఓ అడ్డగీత, ఓ "కెరీర్స్" తగిలించి నిన్నే ఒక డొమైను కొనుక్కున్నా, దానికీ మూడు పాసులూ వస్తాయి. కాబట్టి పాస్ అయిందా లేదా అన్నది కాదు, పాస్ అయిన పేరు ఎవరిది అన్నది చూసుకోవాలి.

దీన్ని రెండోవైపు నుంచి కూడా తప్పుగా చదవకండి. డొమైను వేరుగా ఉన్నంత మాత్రాన దొంగ మెయిలు అనుకోనక్కర్లేదు. చాలా కంపెనీలు నియామకాలకి వర్క్‌డే లాంటి బయటి సాఫ్ట్‌వేర్ వాడతాయి, అప్పుడు నిజమైన మెయిలే myworkday.com నుంచి వస్తుంది. అలాంటప్పుడు కంపెనీ కెరీర్స్ పేజీలో "అప్లై" నొక్కితే అదే సాఫ్ట్‌వేర్‌కి వెళ్తోందా అని చూసుకుంటే కొంత నమ్మకం కుదురుతుంది.

ఇక అసలు సంగతి. ఆ మూడు పాసులూ పైనున్న రిక్రూటర్ మెయిలుకే. కిందనున్న హెచ్‌ఆర్ మెయిలుకి హెడ్డర్ ఏదీ? లేదు. ఫార్వర్డ్ నొక్కగానే పాత మెయిలు వట్టి టెక్స్టుగా కొత్త మెయిలు బాడీలో పడిపోతుంది. "From", "Sent", "To" అని కనపడే ఆ నాలుగు లైన్లు చూడ్డానికి హెడ్డర్లా ఉంటాయి కానీ, మనం టైపు చేసే "హాయ్"కి ఉన్న విలువే వాటికీ ఉంటుంది. సెండ్ నొక్కేముందు ఎవరైనా అందులో కర్సర్ పెట్టి ఏ అక్షరమైనా మార్చుకోవచ్చు. మార్చిన తర్వాతే కన్సల్టెన్సీ సర్వర్ సంతకం పెడుతుంది, కాబట్టి ఆ మార్పుతో సహా సంతకం పాస్ అయిపోతుంది. చెయిన్ ఎంత పొడుగ్గా ఉంటే అంత నమ్మకం కలుగుతుంది మనకి. నిజానికి అందులో రుజువు ఉన్నది అన్నిటికంటే పైనున్న మెయిలుకే.

మావాడికి ఇదే చెప్పాను. "మార్చొచ్చు సరే, మార్చాడని ఏంటి గ్యారంటీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. అప్పుడు ఆ నాలుగు లైన్లూ మళ్ళీ చదివాను.

```
From: HR <ta@company.example>
Sent: Thursday, May 14, 2024 4:12 PM
To: Recruiter
Subject: RE: Profile - Java Backend
```

మే 13 సోమవారం, పోలింగ్. మేమిద్దరం క్యూలో నిలబడి ఓటేశాం. మరి 14 గురువారం ఎలా అవుతుంది? అనుమానం ఉన్నవాళ్ళ కోసం:

```
$ date -d 2024-05-14 +%A
Tuesday
```

ఆ లైను మనిషి రాసేది కాదు. అవుట్‌లుక్ తనే తారీకులోంచి వారం లెక్కకట్టి రాస్తుంది. టైమ్ జోన్ తేడా వల్ల తారీకు ఒకరోజు అటూ ఇటూ అవ్వచ్చు గానీ, దాంతోపాటు వారం కూడా జరుగుతుంది. రెండూ విడిపోవు. విడిపోయాయంటే ఎవరో చేత్తో ముట్టుకున్నారు. వారం మార్చకుండా తారీకు ఒక్కటే మార్చారనుకుంటే, దానికి ముందు వచ్చిన గురువారం మే 9. అంటే ఎప్పుడో 9న వచ్చిన మెయిల్ని నిన్న వచ్చినట్టు చూపించారని నా ఊహ. ఎందుకు? అది అప్పటికి నాకూ తెలీదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇలాంటి తప్పు దొరికితే అనుమానించొచ్చు, కానీ దొరకనంత మాత్రాన మెయిలు నిఖార్సైనదని కాదు. కొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకున్నవాడైతే వారం కూడా మార్చేవాడు, అప్పుడు మనకేమీ కనపడేది కాదు. అందుకని తారీకుల వేట కంటే సూటిదారి ఒకటుంది. పాత మెయిల్ని మామూలుగా కాకుండా అటాచ్‌మెంటుగా ఫార్వర్డ్ చెయ్యమని అడగడం. జీమెయిల్లో మూడు చుక్కల మెనూలో Forward as attachment అని ఉంటుంది, అవుట్‌లుక్‌లో కూడా ఉంది. అలా వచ్చిన ఫైల్లో అసలు మెయిలు దాని హెడ్డర్లతో, దాని సంతకంతో సహా ఉంటుంది. పైథాన్‌లో dkimpy అనే ప్యాకేజీ వేసుకుంటే ఒక్క కమాండుతో తేలిపోతుంది:

```
$ dkimverify < hr.eml
signature ok
```

లోపల ఒక్క పదం మార్చినా సంతకం సరిపోదు. పాత మెయిళ్ళయితే ఒక్కోసారి కంపెనీ తాళంచెవి మార్చేసి ఉండటం వల్ల కూడా ఫెయిల్ అవ్వచ్చు. వారం రోజుల్లోపల వచ్చినదానికి ఆ సమస్య దాదాపు రాదు.

మావాడు అదే అడిగాడు. రిక్రూటర్ "క్లయింట్ మెయిల్స్ అలా పంపడం మా పాలసీ కాదు బ్రో" అన్నాడు. నిజం చెప్పాలంటే అది అబద్ధమే అని తేల్చేయలేం. క్లయింటుతో జరిపిన ఉత్తరాలు యథాతథంగా బయటికి ఇవ్వకూడదని అనుకునే కన్సల్టెన్సీలు ఉండొచ్చు. కానీ ఆ మెయిల్లో టెక్స్టు పంపడానికి అడ్డురాని పాలసీ, సంతకం పంపడానికి ఎందుకు అడ్డొస్తోందని మాత్రం మనం మనసులో అనుకోవచ్చు :-)

ఇప్పుడు రెండో ప్రశ్నకి వద్దాం. హెడ్డర్ల గొడవ పక్కన పెట్టి, కాసేపు ఆ మెయిళ్ళు రెండూ అక్షరం పొల్లు పోకుండా నిజమే అనుకుందాం. అప్పుడైనా మావాడి చేతిలో ఆఫర్ ఉందా?

హెచ్‌ఆర్ రాసినట్టు కనపడుతున్న మెయిల్లో ఉన్నది ఒక్కటే వాక్యం: "వుయ్ ఆర్ గుడ్ టు ప్రొసీడ్ విత్ దిస్ ప్రొఫైల్, సీటీసీ యాజ్ డిస్కస్డ్." ఇది ఎవరికి రాసింది? రిక్రూటర్‌కి. మావాడు అందులో "యు" కాదు, "దిస్ ప్రొఫైల్". "ప్రొసీడ్" అంటే ముందుకు వెళ్ళడం. ఎక్కడిదాకా? చెప్పలేదు. అది తర్వాతి రౌండుకి కావచ్చు, జీతం బేరానికి కావచ్చు, పైవాళ్ళ అప్రూవలుకి ఫైలు పెట్టడానికి కావచ్చు. "యాజ్ డిస్కస్డ్" అన్నచోట ఒక అంకె ఉండాలి, లేదు. ఎవరితో డిస్కస్ చేశారు? మావాడితో జీతం మాట్లాడింది రిక్రూటర్ ఒక్కడే, అదీ ఫోన్లో. అంటే మావాడు అనుకుంటున్న అంకె, కంపెనీ అనుకుంటున్న అంకె ఒకటేనని చెప్పే కాగితం ఈ ప్రపంచంలో ఎక్కడా లేదు.

రిక్రూటర్ రాసింది ఇంకా చిత్రం. "యు ఆర్ సెలెక్టెడ్. ఆఫర్ విల్ బి రిలీజ్డ్ వన్స్ యు షేర్ ది రెసిగ్నేషన్ యాక్సెప్టెన్స్." తెలుగులో పెట్టి చదివితే దాని గుట్టు తెలుస్తుంది: "మీ రాజీనామా ఆమోదించిన కాగితం పంపాక ఆఫర్ విడుదల చేయబడును." చేయబడును సరే, ఎవరు చేస్తారు? ఎప్పటిలోగా? ఆ వాక్యంలో పనిచేసే మనిషి లేడు, తారీకు లేదు. పని, తారీకు రెండూ ఉన్నది మావాడి వైపే: శుక్రవారం లోపల రిజైన్ చెయ్యాలి. ఏ మెయిలైనా ఇలా చదవొచ్చు. వాళ్ళు చెయ్యాల్సినదానికీ, మనం చెయ్యాల్సినదానికీ ఎదురెదురుగా గీత గీసి, ఎటువైపు తారీకులు ఉన్నాయో చూడండి. అన్నీ మన వైపే ఉంటే అది వాళ్ళు మనకి ఇచ్చిన మాట కాదు, మనల్ని అడిగిన మాట.

మన చట్టం కూడా దగ్గర దగ్గర ఇలాగే ఆలోచిస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం రెండో సెక్షన్లో ప్రతిపాదన అంటే ఏమిటో ఉంది: ఒక పని చేయడానికో మానడానికో తాను సిద్ధమని, అవతలివాడి ఒప్పుకోలు కోసం, అవతలివాడికి తెలియజేయడం. మూడో మనిషికి "ఈ ప్రొఫైల్ బావుంది" అని రాయడం అందులోకి రావడం కష్టం. అదే చట్టం అయిదో సెక్షన్ ప్రకారం, నిజమైన ప్రతిపాదన అయినా సరే, మన ఒప్పుకోలు తెలియజేయడం పూర్తయ్యేలోపు వాళ్ళు వెనక్కి తీసుకోవచ్చు. అంటే చేతిలో లెటర్ ఉన్నా, దాన్ని యాక్సెప్ట్ చేసేదాకా రాజీనామా పెట్టకపోవడమే మంచిది. లెటర్‌లోనే పెట్టిన షరతులుంటాయి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ లాంటివి, అవి తర్వాత కూడా వెంట వస్తాయి. అలాంటిది అసలు లెటరే లేకుండా రాజీనామా అంటే?

లెటర్ అంటే మరేదో బ్రహ్మపదార్థం కాదు. హోదా, ఊరు, చేరాల్సిన తారీకు, జీతం విడివిడిగా లెక్కగట్టిన పేజీ, షరతులు, ఎప్పటిలోగా ఒప్పుకోవాలో ఒక గడువు, కంపెనీ తరఫున ఒక పేరూ సంతకమూ. "లెటర్ ఆఫ్ ఇంటెంట్" అని వచ్చేదాంట్లో వీటిలో కొన్నే ఉంటాయి, "ఆఫర్ తర్వాత ఇస్తాం" అని దాని పేరే చెప్తోంది. మావాడి దగ్గర అదీ లేదు.

మరి రిక్రూటర్‌కి అంత తొందర ఎందుకంటే, దానికి లెక్క ఉంది. కన్సల్టెన్సీలకి మనం చేరితేనే డబ్బు. సంవత్సరం జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం, మన దగ్గర బాగా వాడుకలో ఉన్న రేటు. మావాడికి నోటీసు 90 రోజులు. ఇవాళ రిజైన్ చేస్తే ఆగస్టు మధ్యకి బయటపడతాడు. ఆఫర్ వచ్చాక రిజైన్ చేస్తే అంతకంటే ఎన్నాళ్ళు పడుతుందో తెలీదు, ఈలోగా కంపెనీ వేరేవాణ్ణి తీసుకుంటుందేమోనని వాడి భయం. ముందే రిజైన్ చేయించేస్తే మావాడు "నోటీసులో ఉన్న క్యాండిడేట్" అయిపోతాడు, ఈ కంపెనీ కాకపోతే ఇంకో క్లయింటుకి చూపించడానికి కూడా సరుకు తయారు. రిక్రూటర్ దుర్మార్గుడని నేననడం లేదు. రిస్కు మాత్రం మొత్తం మావాడి నెత్తినే ఉంది. వాడికి నెలనెలా ఇంటి లోన్ ఈఎంఐ ఉంది, బాబాయి రిటైరయ్యారు. ఒకసారి రాజీనామా ఆమోదించాక వెనక్కి తీసుకుంటానంటే, తీసుకోనివ్వడం ఇప్పటి కంపెనీ దయ.

ఇక మిగిలింది కంపెనీనే అడగడం. చెయిన్లో కనపడిన హెచ్‌ఆర్ ఐడీకి రాయొద్దన్నాను, ఎందుకంటే అదీ ఆ టెక్స్టులో భాగమే కదా. దానికి బదులు వాడి క్యాలెండర్ తెరిపించాను. రెండో రౌండు ఇంటర్వ్యూకి టీమ్స్ ఇన్వైటు సూటిగా కంపెనీ నుంచే వచ్చింది. ఆ ఇన్వైటు మెయిలుకి Show original చూస్తే డీకిమ్ పాస్, కంపెనీ డొమైను పేరుతోనే. అందులో ఆర్గనైజర్‌గా ఉన్నావిడకి వాడు గురువారం పొద్దున్న నాలుగు ముక్కలు రాశాడు. "మేడమ్, నాకు ఆఫర్ ఇవ్వడానికి కంపెనీలో అన్ని అనుమతులూ వచ్చాయా? ఆఫర్ లెటర్ ఏ తారీకులోగా పంపుతారు? లెటర్ రాకముందే నేను రాజీనామా చెయ్యాలన్నది మీ నిబంధనేనా?" రిక్రూటర్ మీద ఒక్క ఫిర్యాదు లేదు, నిందలేదు. మూడూ అవునో, కాదో, తారీకో చెప్పాల్సిన ప్రశ్నలే.

సాయంత్రానికి జవాబు వచ్చింది. ఇంటర్వ్యూ ప్యానెల్ సరేనంది, కానీ ఆ పోస్టుకి బడ్జెట్ అనుమతి ఇంకా రాలేదు. ఈ సంగతి మే 9నే కన్సల్టెన్సీకి రాశాం. ఆఫర్ ఏదీ విడుదల చేయలేదు. దయచేసి దీని ఆధారంగా రాజీనామా చేయకండి అని. కింద 9వ తారీకు మెయిలులోని వాక్యం కూడా ఇచ్చిందావిడ. "గుడ్ టు ప్రొసీడ్ విత్ దిస్ ప్రొఫైల్, సీటీసీ యాజ్ డిస్కస్డ్" తర్వాత ఇంకో ముక్క ఉంది: "సబ్జెక్ట్ టు బడ్జెట్ అప్రూవల్." రిక్రూటర్ చేసిందల్లా ఆ నాలుగు పదాలు కొట్టేసి, 9ని 14 చెయ్యడం. మిగతా అంతా నిజమే. అందుకే అది అంత నిజంలా ఉంది.

శుక్రవారం రిక్రూటర్ మళ్ళీ ఫోన్ చేసి "ఏం బ్రో, పేపర్స్ పెట్టారా?" అంటే, మావాడు "లెటర్ రాగానే పెడతానండీ" అన్నాడట. పోట్లాడలేదు. రేపు ఆ పోస్టుకి అనుమతి వస్తే అదే కన్సల్టెన్సీ ద్వారా చేరాల్సి రావచ్చు కదా.

అనుమతి రాలేదు. జూన్‌లో ఆ పోస్టే ఎత్తేశారని హెచ్‌ఆరావిడే మెయిలు పెట్టింది. దానికీ సంతకం పాస్. మావాడు పాత కంపెనీలోనే ఉండి, నిదానంగా వెతుక్కుని, ఆ ఏడాది చివర్లో వేరేచోట చేరాడు. ఈసారి ముందు లెటర్ వచ్చింది, పోర్టల్లో యాక్సెప్ట్ నొక్కాడు, తర్వాతే రాజీనామా మెయిలు పెట్టాడు.

"లెటర్ కావాలంటే రెసిగ్నేషన్ యాక్సెప్టెన్స్ ముందు పంపండి" అని నిజమైన కంపెనీలే అడిగే సందర్భాలూ ఉన్నాయి, కాబట్టి ఆ మాట కనపడగానే మోసం అని తీర్పు చెప్పేయకండి. కానీ అడిగేది ఎవరైనా, మావాడు అడిగిన ఆ మూడు ప్రశ్నలూ కంపెనీ డొమైనుకి సూటిగా రాసి, కంపెనీ డొమైను నుంచే జవాబు వచ్చేదాకా ఆగండి. ఆ జవాబులో మీ పేరూ, ఒక అంకే, వాళ్ళ వైపు ఒక తారీకూ లేకపోతే, మెయిలు ఎంత జెన్యూన్ అయినా మీ చేతిలో ఇంకా ఏమీ లేనట్టే.